కరివేపాకు నూనె, బాలనెరుపు: వెంట్రుక మొదలు చూస్తే తెలుస్తుంది

"అక్కా, నాకు 21 ఏళ్లు. అప్పుడే తల నెరుస్తోంది. అమ్మ కరివేపాకు నూనె కాచి రాస్తోంది. కొన్ని నెలలు వదలకుండా రాస్తే తెల్ల వెంట్రుకలు నల్లబడతాయా?" అని ఒక చెల్లెలు అడిగింది.

నల్లబడతాయని నేను చెప్పలేనమ్మా. ఎందుకో తెలియాలంటే ముందు ఆ నూనె గిన్నె దగ్గరికి వెళ్దాం.

కడిగి తడి ఆరబెట్టిన రెండు గుప్పెళ్ల ఆకును పావు లీటరు కొబ్బరినూనెలో వేసి సన్నటి మంట మీద పెడతాం. ఆకులోని నీరు పోతున్నంతసేపూ చిటపటమంటుంది. చప్పుడు ఆగేసరికి ఆకు పెళుసెక్కుతుంది, నూనె ముదురు ఆకుపచ్చగా మారుతుంది. దించాల్సింది అప్పుడే. కానీ చాలామంది ఆకు బొగ్గయ్యేదాకా ఉంచి, ఆ మాడిన పొడిని నూనెలోనే నలిపేస్తారు. ఆ నల్లటి నలుసులు తెల్ల వెంట్రుకను పట్టుకుంటాయి. అద్దంలో చూస్తే నిజంగానే నల్లబడినట్టుంటుంది. అదే నలుపు దిండు గలేబుకీ అంటుతుంది. షాంపూతో రెండుసార్లు తలంటుకుంటే మళ్లీ తెలుపు బయటపడుతుంది.

వెంట్రుకకు రంగు పడేది చర్మం లోపల, కుదురులో. అక్కడి రంగు కణాలు, పెరుగుతున్న వెంట్రుకలోకి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని నింపుతాయి. ఆ కణాలు తగ్గిపోతే, లేదా పని మానేస్తే, వెంట్రుక తెల్లగా వస్తుంది. బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. పైన ఏం రాసినా అది మెలనిన్ తయారు చేసుకోలేదు.

అందుకే ఒక చిన్న పరీక్ష చెప్తాను. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నెలలు నూనె రాశాక, బాగా తలంటుకుని, ఒక పాత తెల్ల వెంట్రుకను తల దగ్గరగా కత్తిరించి తెల్ల కాగితం మీద ఒకసారి, నల్ల గుడ్డ మీద ఒకసారి పెట్టి చూడండి. కుదురు మళ్లీ పనిచేస్తుంటే మొదటి మూడు సెంటీమీటర్లు నల్లగా, కొస తెల్లగా ఉండాలి. మొదటి నుంచి కొసదాకా ఒకేలా మసకబారి ఉంటే అది పైపూతే.

అలా మొదలు నల్లబడటం అసలు జరగదా అంటే, అరుదుగా జరుగుతుంది. 2021లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు 14 మంది వెంట్రుకల రంగును పొడవునా కొలిచారు. వాళ్లలో ఒకరికి, సెలవులో టెన్షన్ తగ్గిన రోజుల్లో, అయిదు వెంట్రుకలు మళ్లీ రంగు పట్టాయి. తలలో ఎన్ని వేల వెంట్రుకలుంటాయో తలచుకుంటే ఆ అయిదు ఎంత తక్కువో తెలుస్తుంది. కరివేపాకు విషయానికొస్తే, ల్యాబులో దాని సారానికి యాంటీఆక్సిడెంట్ గుణం కనిపించిన మాట నిజం. కానీ గాజు గొట్టంలో కనిపించిన గుణం, మనిషి తలలోని కుదురు దాకా చేరి మెలనిన్ పుట్టిస్తుందని గట్టిగా రుజువు చేసిన పరీక్ష లేదు.

"రాయడం కాదు, తినాలి" అంటారు ఇంకొందరు. ఆకులో కాల్షియం, ఐరన్, విటమిన్ ఎ తయారీకి పనికొచ్చే బీటా కెరోటిన్ ఉన్నాయి. పొడి చేసుకుని అన్నంలో కలుపుకుంటే మంచిదే. పోపులో వేసిన పది ఆకులు మాత్రం ఒకటి రెండు గ్రాములే, అవి కూడా కంచం అంచుకే చేరతాయి. ఇంకా ముఖ్యమైన మాట, కరివేపాకులో విటమిన్ బి12 ఉందని చెప్పే వీడియోలు నమ్మకండి. ఏ ఆకులోనూ మనకు పనికొచ్చే బి12 ఉండదు. చిన్న వయసు నెరుపుతో ముడిపడినట్టు డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్న లోపాల్లో బి12 లోపం ఒకటి.

మా తమ్ముడి సంగతే చెప్తాను. పందొమ్మిదేళ్లకే కణతల దగ్గర నెరిసింది. గుడ్డు కూడా ముట్టడు. ఏడాదిపాటు కరివేపాకు ముద్ద మింగించాం. అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాక రక్తపరీక్ష చేయిస్తే బి12 మిల్లీలీటరుకు 150 పికోగ్రాములే ఉంది. 200 కంటే తక్కువైతే లోపం కిందే లెక్క. ఇంజెక్షన్లు వేయించాక తిమ్మిర్లు పోయాయి. ఆరు నెలలకు కొన్ని వెంట్రుకలు మొదట్లో నల్లగా వచ్చాయి. కణతల దగ్గరివి తెల్లగానే ఉండిపోయాయి. ఆ ఏడాది ఆకుతో గడిపేశామని నాకిప్పటికీ బాధే.

కాబట్టి చెల్లీ, డాక్టరుకు చూపించి బి12, థైరాయిడ్, ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్ పరీక్షలు అవసరమేమో అడుగు. మీ నాన్నకో అమ్మకో ఎన్నో ఏట నెరిసిందో కూడా చెప్పు, ఎందుకంటే చాలామందికి ఇది వంశపారంపర్యమే. అమ్మ నూనె మానొద్దు. కొబ్బరినూనె వెంట్రుక చిట్లకుండా కాపాడుతుంది, అది పరీక్షల్లో తేలిన గుణమే. చిటపట ఆగగానే దించి వడకట్టమని మాత్రం అమ్మకు చెప్పు.