60 రోజుల గడువులో మెషిన్ లెర్నింగ్ మొదలుపెట్టొచ్చా?

హోస్ట్: నమస్తే అన్నా. ఈ ఎపిసోడ్‌కి మిమ్మల్ని పిలవడానికి కారణం ఉంది. డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసినవాళ్లలోనే ఈ మధ్య నలుగురికి లేఆఫ్ అయింది. అందరూ పదేళ్లు దాటినవాళ్లే. నలుగురూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఇక మెషిన్ లెర్నింగ్‌లోకి వెళ్లిపోదామా?" మీరు ఆ దారిలో నడిచి వచ్చారు కదా, అందుకని.

అతిథి: నమస్తే తమ్ముడూ. నడిచాను, కానీ మొదట తప్పు దారి పట్టాను. ముందు ఆ సంగతి చెబుతాను. అప్పటికి నాకు జావా బ్యాకెండ్‌లో పదకొండేళ్ల అనుభవం. హెచ్‌-1బి, ఐ-140 ఆమోదమై మూడేళ్లు. కంపెనీ జీతం ఇచ్చిన చివరి రోజు 2024 జనవరి 31. ఫిబ్రవరి 1న పొద్దున్నే లేచి డీప్ లెర్నింగ్ కోర్సు కొన్నాను. రెండు వారాలు రోజుకు పది గంటలు న్యూరల్ నెట్‌వర్క్‌లు చదివాను. ఆ రెండు వారాల్లో ఒక్క రెజ్యూమె కూడా పంపలేదు.

హోస్ట్: ఎందుకని?

అతిథి: భయం వల్ల. చదువుతుంటే ఏదో చేస్తున్నట్టు ఉంటుంది. రెజ్యూమె పంపితే కాదంటారేమోనని టెన్షన్. మా ఆవిడ అడిగిన తర్వాతే కళ్లు తెరుచుకున్నాయి. "మన గడువు ఏ తేదీతో అయిపోతుంది?" అంది. తను హెచ్‌-4 మీద, ఈఏడీతో ఉద్యోగం చేస్తోంది. నా స్టేటస్ పోతే తనదీ పోతుంది, తన ఉద్యోగమూ పోతుంది. అప్పుడు ఇద్దరం కూర్చుని క్యాలెండర్ ముందు పెట్టుకున్నాం.

హోస్ట్: ఆ లెక్క ఇప్పుడు మాకూ చెప్పండి.

అతిథి: ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు ఇస్తారు. ఐ-94 అంతకంటే ముందే ముగిసిపోతే అప్పటిదాకానే. సాధారణంగా జీతం అందిన చివరి రోజు నుంచి లెక్కపెడతారు. పరిహారంగా మూడు నెలల డబ్బు ఒకేసారి ఇచ్చినా గడువు పెరగదు. కొన్ని కంపెనీలు రెండు నెలలు పని ఇవ్వకుండా పేరోల్‌లో ఉంచుతాయి. అలా అయితే లెక్క ఎక్కడ మొదలవుతుందో లాయర్‌ను అడగాల్సిందే. హెచ్‌ఆర్ నుంచి చివరి పేరోల్ తేదీ రాతపూర్వకంగా తీసుకోండి. నా 60వ రోజు మార్చి 31, అది ఆదివారం. అందుకని శుక్రవారం, అంటే 29వ తేదీ లోపే పిటిషన్ చేరిపోవాలన్నారు మా లాయర్.

హోస్ట్: అంటే మార్చి 29 లోపు ఉద్యోగం రావాలా?

అతిథి: ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఆఫర్ చేతికొస్తే సరిపోదు. కొత్త కంపెనీ ముందు ఎల్‌సీఏ వేయాలి, దానికి ఏడు పని దినాలు పడుతుంది. ఆ తర్వాత కాగితాలు, సంతకాలు, కొరియర్. ఇవన్నీ కలిపి రెండున్నర వారాలు తీసేయాలి. అంటే 60 అనుకున్నది నిజానికి 42. అందులో రెండు వారాలు నేను కోర్సుకు ఇచ్చేశాను. మిగిలింది నాలుగు వారాలు. ఒక కంపెనీలో ఇంటర్వ్యూలన్నీ పూర్తవడానికే మూడు నుంచి ఐదు వారాలు పట్టొచ్చు.

హోస్ట్: వింటుంటేనే గుండె దడ పుడుతోంది.

అతిథి: అందుకే చెబుతున్నాను. ఆ 60 రోజులూ కొత్త చదువుకు కాదు. మనకు వచ్చిన పనితోనే ఉద్యోగం తెచ్చుకోవాలి. కాకపోతే ఎక్కడ వెతుకుతామన్నది ఆలోచించి వెతకాలి. నేను ఎంఎల్ ఇంజనీర్ అన్న పేరున్న ఉద్యోగాలు పూర్తిగా వదిలేశాను. అక్కడ నాకంటే ముందు రెండు మూడేళ్లుగా మోడళ్లు ప్రొడక్షన్‌లో నడిపినవాళ్లు ఉంటారు. కోర్సు సర్టిఫికెట్‌తో వాళ్ల పక్కన నిలబడలేం. బ్యాకెండ్ ఉద్యోగాలే చూశాను, అయితే డేటా టీమ్‌ను ఆనుకుని ఉండేవి: కాఫ్కా వాడేవి, రిపోర్టింగ్ కోసం డేటా పంపేవి, ఫ్రాడ్ టీమ్‌కి సర్వీసులు రాసేవి.

హోస్ట్: ఇంటర్వ్యూలో ఏం అడిగారు?

అతిథి: జావాతో ఇబ్బంది లేదు. ఎస్‌క్యూఎల్ దగ్గర చెమటలు పట్టాయి. పదకొండేళ్లుగా హైబర్నేట్ వెనకాల దాక్కున్నాను మరి. ఒక ప్రశ్న ఇంకా గుర్తుంది. అడ్రస్‌ల టేబుల్‌లో ఒక్కో కస్టమర్‌కి పది వరుసలున్నాయి, తాజా అడ్రస్ ఒక్కటే కావాలి. మొదటి కంపెనీలో తడబడ్డాను. రెండో చోట ఇలా రాశాను.

```sql
SELECT *
FROM (
  SELECT a.*,
         ROW_NUMBER() OVER (
           PARTITION BY customer_id
           ORDER BY updated_at DESC) AS rn
  FROM addresses a
) t
WHERE rn = 1;
```

రాయగానే ఇంటర్వ్యూ చేస్తున్నావిడ అడిగింది: "ఒకే కస్టమర్‌కి రెండు వరుసల్లో `updated_at` ఒకేలా ఉంటే?" అప్పుడు ఏ వరుస వస్తుందో చెప్పలేం. ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి రావచ్చు. `ORDER BY`లో ఇంకో కాలమ్ చేర్చాలి, `id` లాంటిది. డేటా పనిలో రోజూ ఎదురయ్యేది ఇదే. కోడ్ నడుస్తుంది, ఎర్రర్ రాదు, అంకె మాత్రం తప్పు. బ్యాకెండ్‌లో తప్పు జరిగితే అలారం మోగుతుంది. ఇక్కడ మూడు వారాల తర్వాత ఫైనాన్స్ వాళ్లు వచ్చి "ఈ లెక్క కలవట్లేదు" అంటారు.

హోస్ట్: ఆఫర్ ఎప్పుడొచ్చింది?

అతిథి: మార్చి 8న. పాత జీతం కంటే పదిహేను శాతం తక్కువ. మారు మాట లేకుండా ఒప్పుకున్నాను. పిటిషన్ 26న చేరింది, రసీదు వచ్చాక ఏప్రిల్ 1న చేరాను. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లు కంపెనీ మారినప్పుడు, గడువులోపు పిటిషన్ వేస్తే ఆమోదం కోసం ఆగకుండానే పనిలో చేరొచ్చు.

హోస్ట్: అసలు చదువు మళ్లీ ఎప్పుడు మొదలైంది?

అతిథి: మే నెలలో. వారానికి పది గంటలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లలు పడుకున్నాక రోజూ గంట, శనివారం పొద్దున ఐదు గంటలు. ఎస్‌క్యూఎల్ చేతికి రావడానికి నెల పట్టింది. స్పార్క్, ఎయిర్‌ఫ్లో కలిపి మూడు నెలలు. ఆ తర్వాతే మెషిన్ లెర్నింగ్ బేసిక్స్. మొత్తం నాలుగు వందల గంటల దాకా అయింది. వింటే తక్కువే అనిపిస్తుంది, క్యాలెండర్‌లో చూస్తే తొమ్మిది పది నెలలు. మూడు నెలల్లో డేటా సైంటిస్ట్ చేస్తామని చెప్పే బూట్‌క్యాంప్‌లకు వేల డాలర్లు కట్టొద్దని గట్టిగా చెబుతాను. అక్కడ చెప్పే విషయాలు తప్పు కాదు. అక్కడ శుభ్రం చేసిన డేటా ఇస్తారు, అదే ఇబ్బంది.

హోస్ట్: శుభ్రంగా ఉంటే మంచిదేగా?

అతిథి: నా ప్రాజెక్టు సంగతి చెబుతాను. లెండింగ్ క్లబ్ లోన్ డేటా బయట దొరుకుతుంది. ఎవరు అప్పు ఎగ్గొడతారో ముందే చెప్పే మోడల్ చేశాను. ఏయూసీ 0.97 వచ్చింది. అంటే 1 వస్తే అంతా సరిగ్గా పట్టినట్టు, 0.5 వస్తే బొమ్మాబొరుసు వేసినట్టు. సంబరపడిపోయి మా కంపెనీలో ఫ్రాడ్ టీమ్‌లో ఉన్న సీనియర్‌కి చూపించాను. ఆయన నిమిషం కూడా చూడలేదు. "`recoveries` అన్న కాలమ్ ఎప్పుడు నిండుతుంది?" అని అడిగారు.

హోస్ట్: ఎప్పుడు?

అతిథి: అప్పు ఎగ్గొట్టాక, వసూలు చేసినప్పుడు! లోన్ ఇచ్చే రోజున ఆ కాలమ్ ఖాళీ. పరీక్ష పేపర్‌తో పాటు జవాబులు కూడా ఇచ్చినట్టన్నమాట. దీన్నే లీకేజ్ అంటారు. అలాంటి కాలమ్‌లన్నీ తీసేసి, పాత సంవత్సరాల లోన్ల మీద నేర్పించి, తర్వాతి సంవత్సరాల మీద పరీక్షించాను. 0.7 దగ్గరకు పడిపోయింది. మొదట బాధేసింది. ఆయన మాత్రం "ఇప్పుడు నమ్ముతాను" అన్నారు. తర్వాత ఇంటర్వ్యూలో నేను చెప్పింది ఆ 0.7 కథే. 0.97 చూసి అనుమానపడటం వచ్చిందా లేదా అన్నదే వాళ్లు చూస్తారు.

హోస్ట్: ఫ్రాడ్ టీమ్‌లోకి ఎలా మారారు?

అతిథి: 2025 ఫిబ్రవరిలో, కంపెనీ లోపలే. మోడల్ తయారు చేసేవాడిగా కాదు. మోడళ్లకు డేటా అందించే పైప్‌లైన్లు రాసే డేటా ఇంజనీర్‌గా. నా పదకొండేళ్ల జావా ఇక్కడ వృథా కాలేదు, కాఫ్కా, స్పార్క్ రెండూ జావా ప్రపంచానివే. ఇంకో ఏడాది, ఏడాదిన్నరకు ఎంఎల్ ఇంజనీర్ పని చేతికొస్తుందని అనుకుంటున్నాను. పరిశోధన తరహా ఉద్యోగాల వైపు చూడట్లేదు. అవి ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లకే.

హోస్ట్: లోపలే మారితే ఏ రిస్కూ లేనట్టేగా?

అతిథి: ఉంది తమ్ముడూ, దీని గురించి ఎవరూ చెప్పరు. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పెర్మ్ ఒక నిర్దిష్టమైన ఉద్యోగానికి వేస్తారు. బ్యాకెండ్ డెవలపర్‌గా పెర్మ్ మొదలుపెట్టి, మధ్యలో నువ్వు డేటా సైంటిస్ట్ అయ్యావనుకో, పని బాగా మారిపోతే మళ్లీ మొదటి నుంచి రావాల్సి ఉంటుంది. అందులో ఏడాదికి పైనే పోతుంది. హెచ్‌-1బి కూడా సవరించాల్సి రావచ్చు. అందుకే చేరిన రోజే మేనేజర్‌తో మాట్లాడాను. టీమ్ మారేదాకా పెర్మ్ ఆపమన్నాను.

హోస్ట్: ఆపితే నష్టం లేదా?

అతిథి: నాకు లేదు. పాత కంపెనీ వేసిన ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటింది. వాళ్లు వెనక్కి తీసుకున్నా ఆ ఆమోదం నిలుస్తుంది, ప్రయారిటీ డేట్ నాదే. ఆరేళ్లు దాటాక హెచ్‌-1బి పొడిగింపుకి కూడా పనికొస్తుంది. ఐ-140 ఇంకా లేనివాళ్లు, ఐదో ఏడాదిలో ఉన్నవాళ్లు నేను చేసినట్టు చేయకూడదు. వాళ్లు ఉన్న పనిలోనే ఐ-140 దాకా ఆగాలి, మారడం ఆ తర్వాత చూసుకోవాలి.

హోస్ట్: చాలామంది "మళ్లీ ఎంఎస్‌లో చేరి ఎఫ్‌-1కి మారిపోతాం" అంటున్నారు. అది?

అతిథి: ఐ-140 ఉన్నవాళ్లకు అది కష్టం. ఎఫ్‌-1కి చదువు అయ్యాక తిరిగి వెళ్లిపోతానని చూపించాలి. ఐ-140 అంటేనే ఇక్కడ స్థిరపడాలనుకుంటున్నానని చెప్పడం. ఇక చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ మీద పని చేసుకోవచ్చనే కాలేజీలున్నాయి. తర్వాత హెచ్‌-1బి వేసినప్పుడు ఆ రోజులన్నిటికీ లెక్క అడుగుతారు, స్టేటస్ సరిగ్గా లేదంటే అంతా చిక్కే. చదువు కావాలంటే హెచ్‌-1బి మీద ఉంటూనే పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు. జార్జియా టెక్ ఆన్‌లైన్ ఎంఎస్‌లో పది కోర్సులు. ఉద్యోగం చేస్తూ సెమిస్టర్‌కి ఒకటి చొప్పున అంటే మూడేళ్లు దాటుతుంది.

హోస్ట్: 60 రోజుల్లో ఆఫర్ రాకపోతే?

అతిథి: చాలామంది గడువులోపు బీ-2కి మార్పు కోరుతూ ఐ-539 వేస్తారు. అది పెండింగ్‌లో ఉండగా ఉండొచ్చు, పని చేయకూడదు. అయితే ఆ సమయంలో ఆఫర్ వస్తే, హెచ్‌-1బి ఆమోదమైనా దేశం దాటి స్టాంపింగ్ చేయించుకుని రమ్మనే అవకాశం ఉంది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు ప్రకటన తర్వాత, బయటికి వెళ్లి కొత్త పిటిషన్ మీద రావడం ఎంత ప్రమాదమో లాయర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. భార్యాభర్తల్లో ఇంకొకరికి సొంత హెచ్‌-1బి ఉంటే మాత్రం హెచ్‌-4కి మారడం వీటన్నిటికంటే నయం. అప్పుడైతే చదువుకోవడానికి నిజంగానే ఊపిరి దొరుకుతుంది.

హోస్ట్: నా ఫ్రెండ్స్‌లో ఒకడికి ఈరోజుతో తొమ్మిది రోజులయ్యాయి అన్నా. ఇప్పుడు ఏం చెప్పమంటారు?

అతిథి: ముప్పై మూడు రోజులే ఉన్నాయని చెప్పు. ఈ రాత్రికే రెజ్యూమె నాకు పంపమను. మా పక్క టీమ్‌లో జావా వాళ్లను తీసుకుంటున్నారు.