ఏడు, అయిదు, మూడు: టాన్సిల్స్ ఆపరేషన్‌కు ముందు వేసే లెక్క

సంధానకర్త: నమస్కారం. పిల్లలకు మాటిమాటికీ టాన్సిల్స్ వాచి జ్వరం వస్తుంటే వాటిని తీయించాలా వద్దా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఈ విషయం మాట్లాడడానికి చెవి, ముక్కు, గొంతు వైద్యులు ఒకరు ఈరోజు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, ఒక తల్లి మీ ఎదుట కూర్చుని "మా పాపకు నెలనెలా గొంతు నొప్పేనండీ" అన్నప్పుడు మీరు మొట్టమొదట ఏం చేస్తారు?

డాక్టర్: నమస్కారం. నేను పాప నోరు తెరిపించి చూడడానికి ముందే పాత చీటీలు అడుగుతాను. నోట్లో టాన్సిల్స్ ఎంత పెద్దవిగా కనిపించినా, తరచూ వచ్చే ఇన్ఫెక్షన్ల విషయంలో ఆ పరిమాణం నాకు చెప్పేది చాలా తక్కువ. ఆ వయసు పిల్లల్లో అవి పెద్దవిగా ఉండడం మామూలే. గురక పెట్టే పిల్లలకు నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే ఆ లెక్క వేరు, దాన్ని ఈరోజు పక్కన పెడదాం. ఇన్ఫెక్షన్ల విషయానికి వస్తే అసలు నిర్ణయం ఎన్నిసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ అది నిజంగా టాన్సిల్స్ ఇన్ఫెక్షనేనా అన్న రెండు ప్రశ్నల మీద నిలుస్తుంది.

సంధానకర్త: తల్లి చెప్పిన మాటను మీరు నమ్మరని అనుకోవచ్చా?

డాక్టర్: తల్లి అబద్ధం చెబుతోందని కాదండీ. జ్వరంతో మూలిగే బిడ్డ పక్కన తెల్లవార్లూ కూర్చున్న మనిషికి ఆ రాత్రులు లెక్కకు మించి గుర్తుంటాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జాక్ ప్యారడైజ్ అనే పిల్లల వైద్యుడు, ఆయన బృందం 1978లో ఒక అధ్యయనం ప్రచురించారు. తరచూ గొంతు ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని ఇంటివారు చెప్పినా రాతపూర్వకమైన ఆధారం లేని 65 మంది పిల్లలను వారు దగ్గరగా గమనిస్తూ వచ్చారు. మొదటి ఏడాదిలో ఆ చెప్పినంత తరచుగా జబ్బు పడ్డవారు 11 మంది మాత్రమే.

సంధానకర్త: అయితే ఎన్నిసార్లు వస్తే ఆపరేషన్ ఆలోచన చేయవచ్చు?

డాక్టర్: అదే బృందం వాడిన కొలమానాన్ని నేటికీ చాలా మంది వైద్యులు పాటిస్తున్నారు. గడిచిన ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా అయిదేసిసార్లు, లేదా వరుసగా మూడేళ్లు ఏటా మూడేసిసార్లు రావాలి. ఊరికే గొంతు నొప్పి అంటే సరిపోదు. దానితోపాటు జ్వరం 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పోవడమో, మెడలో నొప్పిగా బిళ్లలు కట్టడమో, టాన్సిల్స్ మీద తెల్లటి చీము పొర కనిపించడమో, గొంతులోంచి దూదిపుల్లతో తీసిన నమూనాలో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా బయటపడడమో, వీటిలో కనీసం ఒక్కటైనా ఉండాలి. పైగా వైద్యుడు చూసి రాసినది కావాలి.

సంధానకర్త: ఈ లెక్క మీ గదిలో ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చెబుతారా?

డాక్టర్: ఏడేళ్ల పాప ఒకతి వచ్చింది. ఏడాదికి పది పన్నెండు సార్లు వస్తోందని తల్లి అన్నారు. ఆవిడ సంచిలో ఉన్న చీటీలన్నీ బల్ల మీద తేదీల వారీగా పేర్చాము. గడిచిన ఏడాదికి తొమ్మిది తేలాయి. వాటిలో నాలుగింటిలో ముక్కు కారడం, దగ్గు, గొంతు కాస్త ఎర్రబడడం మాత్రమే రాసి ఉన్నాయి. అవి జలుబులు. టాన్సిల్స్ తీసేసినా జలుబు జలుబుగానే వస్తుంది. మిగిలిన అయిదింటిలో రెండు చీటీల మధ్య వారం రోజులే తేడా ఉంది. అడిగితే, మూడో రోజుకే జ్వరం తగ్గిందని యాంటీబయాటిక్ ఆపేశామని, మళ్లీ జ్వరం తిరగబెట్టిందని చెప్పారు. కాబట్టి ఆ రెండింటినీ నేను ఒక్కటిగానే లెక్కించాను. చివరికి నాలుగు మిగిలాయి. అంతకు ముందు ఏడాదికి మూడు ఉన్నాయి. దానికి ముందు ఏమీ లేవు.

సంధానకర్త: అంటే ఏడు, అయిదు, మూడు లెక్కలో దేనికీ అందలేదన్నమాట. ఆ తల్లికి ఏం చెప్పారు?

డాక్టర్: ఒక నోటు పుస్తకం పెట్టమన్నాను. జబ్బు పడిన ప్రతిసారీ తేదీ, థర్మామీటరు చూపిన అంకె, దగ్గు, ముక్కు కారడం ఉన్నాయా లేదా, ఎన్ని రోజులు బడి మానింది, ఇచ్చిన మందు ఏమిటి, అది ఎన్ని రోజులు వాడారు అని రాయమన్నాను. "ఒళ్లు కాలిపోతోంది" అని రాయవద్దని, అంకె వేయమని మాత్రం గట్టిగా చెప్పాను. అయితే అందరినీ ఇలా ఏడాది ఆగమని చెప్పను. టాన్సిల్ పక్కన చీము గడ్డ ఒకటికి మించి వచ్చినా, పలు యాంటీబయాటిక్‌లు ఒంటికి పడకపోయినా అంకెలు అందకముందే ఆపరేషన్ గురించి మాట్లాడతాము.

సంధానకర్త: ఆగడం వల్ల పాపకు నష్టమేమీ లేదా? ఆపరేషన్ చేయిస్తే ఒక్కసారిగా బాధ వదిలిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు.

డాక్టర్: ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆపరేషన్ లేకుండానే చాలా మంది పిల్లల్లో ఈ ఇన్ఫెక్షన్లు కాలక్రమంలో తగ్గుతాయి. వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2014లో ప్రచురించిన సమీక్షలో తీవ్రంగా బాధపడే పిల్లలను, తేలికగా బాధపడే పిల్లలను కలిపి చూస్తే, ఆపరేషన్ చేయించుకోనివారికి తరువాతి ఏడాదిలో సగటున 3.6 సార్లు గొంతు నొప్పి వచ్చింది, చేయించుకున్నవారికి 3 సార్లు. ఆ మూడింటిలో ఒకటి ఆపరేషన్ వల్ల కలిగిన నొప్పే. లాభం ఉంది, కాని ఇంటివారు ఊహించుకున్నంత ఉండదు. తేలికగా బాధపడే పిల్లల్లో అది ఇంకా చిన్నది.

సంధానకర్త: మరి నష్టం వైపు ఏముంటుంది?

డాక్టర్: వారం పది రోజులు మింగడానికి బాగా నొప్పి ఉంటుంది. నీళ్లు తాగనని మొండికేసే పిల్లలు నీరసించిపోతారు. ముఖ్యమైన ప్రమాదం రక్తస్రావం. మొదటి 24 గంటల్లో రావచ్చు, లేదా అయిదు నుంచి పది రోజుల మధ్య పుండు మీది పొర ఊడే సమయంలో రావచ్చు. వందలో కొద్దిమందికే వస్తుంది కాని, వచ్చినప్పుడు అది ఆటలాడే విషయం కాదు. పుండు మీద తెల్లటి పొర కనిపిస్తే చీము పట్టిందని కొందరు భయపడతారు. అది సహజమే. భయపడాల్సిన సంకేతం వేరే ఉంది. నిద్రలో బిడ్డ పదే పదే గుటకలు మింగుతుంటే రక్తం లోపలికి పోతోందేమోనని అనుమానించాలి. ఉమ్ములో తాజా ఎర్రటి రక్తం కనిపిస్తే, కొద్దిగానే అయినా, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

సంధానకర్త: చివరికి ఆ ఏడేళ్ల పాప సంగతి ఏమైంది?

డాక్టర్: ఏడాది తిరిగాక నోటు పుస్తకం పట్టుకుని వచ్చారు. అందులో మూడు ఉన్నాయి, మూడూ సరైనవే. మూడు, నాలుగు, మూడు కలిపి చూస్తే వరుసగా మూడేళ్ల కొలమానం అందినట్టే. తల్లి కూడా ఆ లెక్క వేసుకునే వచ్చారు. కాని ఆ మూడూ మొదటి అయిదు నెలల్లోనివి, తరువాతి ఏడు నెలల పేజీలు ఖాళీ. అంకె అందడమంటే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని అర్థమే తప్ప చేసి తీరాలని కాదు. ఈ పేజీలు చూశాక నేను తొందరపడలేనని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మరో ఆరు నెలలు చూస్తామని పుస్తకం సంచిలో పెట్టుకున్నారు.