జతపరిచినవి ఏవో చెప్పని మెయిల్
(భద్రతా వారోత్సవాల్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, రాత్రి షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికొచ్చి కూర్చున్న మిత్రులకు నమస్కారం. నిద్రమత్తులో ఉన్నవాళ్ల ముందు పెద్ద ఉపన్యాసం పెట్టకూడదు కాబట్టి దండలు, శాలువాల సంగతి చివరికి వదిలేద్దాం.

నాకిచ్చిన అంశం ఘటన నివేదిక రాయడం. దాని ఫారం మీ అందరి దగ్గరా ఉంది, నింపడం మీకు తెలుసు. నేను మాట్లాడేది ఆ నివేదికను మేనేజ్‌మెంటుకు పంపేటప్పుడు పైన రాసే నాలుగు ముక్కల మెయిల్ గురించి. మూడు గంటలు కూర్చుని నివేదిక రాస్తారు. మెయిల్ దగ్గరికొచ్చేసరికి ‘ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్’ అనైనా పూర్తిగా రాయకుండా ‘పీఎఫ్ఏ’ అని మూడక్షరాలు కొట్టి పంపేస్తారు. నా ఫిర్యాదంతా ఆ మూడక్షరాల మీదే.

ఎందుకో చెబుతాను. మీ మెయిల్‌కు ప్లాంట్ హెడ్ గారు ‘రిప్లై ఆల్’ కొడతారు. రిప్లై కొడితే జతచేసిన ఫైళ్లు వెంట రావు. ఫార్వర్డ్ చేస్తేనే వస్తాయి. ఆ రిప్లై మీద ఇంకొకరు, దాని మీద మరొకరు. పది రోజులయ్యేసరికి అందరి చేతిలో మిగిలేది మీరు మెయిల్‌లో టైపు చేసిన అక్షరాలే. అప్పుడు ఎవరో అడుగుతారు: ‘డ్రైవరు వాంగ్మూలం ఆ రోజే ఇచ్చారా, తర్వాత రాయించారా?’ మెయిల్‌లో ‘వాంగ్మూలాలు, 3 పేజీలు’ అని ఉంటే జవాబు అక్కడే దొరుకుతుంది. ‘పీఎఫ్ఏ’ అని ఉంటే పాత మెయిళ్లు తవ్వుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డిస్పాచ్ గోడౌన్. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తూ ర్యాకు నిలువు కాలుకు తగిలింది. పైనున్న 200 లీటర్ల ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ డ్రమ్ము పడి అతుకు దగ్గర చీలింది. సుమారు 40 లీటర్లు నేల మీద కారింది. ఎవరికీ గాయాలు లేవు. దీనికి మెయిల్ ఇలా ఉంటే చాలు. మీరు ఇంగ్లీషులోనే రాస్తారు, ఇక్కడ తెలుగులో చదువుతాను.

విషయం: ఘటన నివేదిక IR-07 – డిస్పాచ్ గోడౌన్, ఐపీఏ డ్రమ్ము లీకు, ఫిబ్రవరి 13 – గాయాలు లేవు

సర్,
ఫిబ్రవరి 13న 00.40 గంటలకు (12వ తేదీ సి షిఫ్టు) డిస్పాచ్ గోడౌన్ మూడో వరుసలో ఫోర్క్‌లిఫ్ట్ ర్యాకుకు తగిలి ఒక ఐపీఏ డ్రమ్ము కిందపడి లీకైంది. సుమారు 40 లీటర్లు కారింది. గాయాలు లేవు, మంటలు రాలేదు. 01.30కల్లా ఇసుకతో ఎత్తి శుభ్రం చేశాం. మూడో వరుస మూసేశాం.

జతపరిచినవి:
1. ఘటన నివేదిక, 4 పేజీలు – `IR-07_Report_Rev0.pdf`
2. ఫొటోలు, 6 – `IR-07_Photos.pdf`
3. డ్రైవరు, హెల్పరు వాంగ్మూలాలు, సంతకాలతో, 3 పేజీలు – `IR-07_Statements.pdf`

ఇంకా పంపవలసినవి: సీసీ కెమెరా రికార్డింగ్ (కాపీ తీసి పెట్టాం), ఫోర్క్‌లిఫ్ట్ సర్వీసు రికార్డు. 14వ తేదీ సాయంత్రం 5 లోగా పంపుతాం.

మీ నుంచి కావలసింది: ర్యాకు కాలు మార్చేదాకా మూడో వరుస మూసి ఉంచడానికి అనుమతి.

అయిపోయింది. కింద మీ పేరు, హోదా, ఫోన్ నంబరు.

ఇందులో తేదీ చూడండి. వెనక వరుసవాళ్లూ, ఇది మీకే. సి షిఫ్టు 12న మొదలైంది, ఘటన అర్ధరాత్రి దాటాక జరిగింది. లాగ్‌బుక్‌లో 12 అని ఉంటుంది, కెమెరాలో 13 అని ఉంటుంది. నివేదికలో ఒకటి, మెయిల్‌లో ఒకటి పడితే, రెండు ఘటనలా ఒకటేనా అన్న చర్చతోనే మీటింగు ముగుస్తుంది. అందుకే క్యాలెండరు తేదీ ముందు, షిఫ్టు బ్రాకెట్లో.

నిజానికి ఇవాళ ఐదు విషయాలు చెబుదామని కాగితం తెచ్చాను. ఈ జాబితా దగ్గరే ఆగిపోయేలా ఉన్నాను. ఫరవాలేదు, ఇదే ముఖ్యం.

‘ఇంకా పంపవలసినవి’ అన్న వాక్యం చాలామంది రాయరు. రాస్తే పని పూర్తికానట్టు కనిపిస్తుందని భయం. రాయకపోతే ఏమవుతుంది? కెమెరా రికార్డింగ్ గురించి ఎవరూ అడగరు. రికార్డరు డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. ‘కాపీ తీసి పెట్టాం’ అన్న మూడు మాటలు రాయాలంటే ముందు నిజంగా కాపీ తీయాలి కదా. ఆ వాక్యం మీ చేత ఆ పని చేయిస్తుంది.

ఇప్పుడు రాయకూడనిది. ‘డ్రైవరు నిర్లక్ష్యం వల్ల’ అని మెయిల్‌లో పెట్టకండి. దయచేసి పెట్టకండి. సర్వీసు రికార్డు ఇంకా రాలేదు. రివర్స్ హారన్ పనిచేసిందో లేదో తెలియదు. ఆ మూలలో దీపం వెలుగుతోందో లేదో చూడలేదు. విచారణ కాకముందే మెయిల్ తీర్పు ఇచ్చేస్తే, తర్వాత నివేదిక ఇంకో మాట చెప్పినా ఎవరూ నమ్మరు. నివేదిక తెరవనివాళ్లు కూడా మెయిల్ చదువుతారు. జరిగింది రాయండి, కారణాన్ని నివేదికకు వదిలేయండి.

గాయపడినవాళ్లుంటే వాళ్ల పేరు విషయం వరుసలో వద్దు. ఫోన్ తెర మీద పక్కవాడికీ కనిపిస్తుంది. ‘ఒకరికి గాయం, ఆసుపత్రిలో చేర్చాం’ అంటే చాలు. వైద్య పత్రాలు సీసీలో ఉన్న పదిమందికీ పంపే సామాను కాదు. హెచ్‌ఆర్‌కు విడిగా పంపి, ఆ సంగతి ఇక్కడ ఒక ముక్క రాయండి. గాయం వల్ల మనిషి 48 గంటలు పనికి రాలేకపోతే ప్రభుత్వ తనిఖీ అధికారికి నోటీసు వెళ్లాలి. ఆ నోటీసు వేరు, ఈ మెయిల్ వేరు. మెయిల్ పంపాం కాబట్టి అది కూడా అయిపోయిందనుకోకండి.

ఫొటోల సంగతి. ఆరు ఫొటోలు ఒక్కోటి 4 ఎంబీ అయితే 24. జీమెయిల్ హద్దు 25 ఎంబీ కదా, సరిపోతుందనుకుంటారు. మెయిల్‌లో ప్రయాణించేటప్పుడు ఫైలు బరువు మూడో వంతు పెరుగుతుంది, 24 కాస్తా 32 అవుతుంది. కంపెనీ సర్వరు హద్దు ఇంకా తక్కువ ఉండొచ్చు. తిరిగొచ్చిన మెయిల్‌ను రాత్రి మూడింటికి ఎవరూ చూడరు. అందుకే ఫొటోలు కుదించి ఒకే పీడీఎఫ్‌లో పెట్టండి, ఒక్కోదాని కింద ఏ వైపు నుంచి తీశారో రాయండి. అసలు ఫొటోలు ఫోన్‌లోంచి కేబుల్‌తో తీసి దాచండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, తీసిన సమయపు వివరాలు కూడా ఫైల్లోంచి పోతాయి.

వీడియోకు లింకు ఇస్తే, అది తెరిచే అనుమతి ఎవరికుందో చూసుకోండి. మీ లాగిన్‌లో తెరుచుకుంటుంది, డైరెక్టరు గారి ఫోన్‌లో ‘అనుమతి అడగండి’ అని వస్తుంది. పక్క సీటు మనిషి లాగిన్‌లో ఒకసారి నొక్కించండి.

పంపే వరస కూడా చెబుతాను. ముందు ఫైళ్లు జతచేయండి. ఒక్కోటి తెరిచి, పేజీలు లెక్కపెట్టి, చూస్తూ జాబితా టైపు చేయండి. గుర్తున్నదాన్ని బట్టి రాస్తే నాలుగు పేజీలంటారు, స్కానరు మూడే తీసి ఉంటుంది. అడ్రసులు అన్నిటికన్నా చివర. చేయి జారినా మెయిల్ పోదు. పంపాక ‘సెంట్’ లోంచి తెరిచి ఫైళ్లన్నీ ఉన్నాయో చూడండి.

ఆఖరిది. 14న నివేదికలో ఒక మార్పు వచ్చిందనుకోండి, 40 లీటర్లు కాదు, డ్రమ్ము తూచితే 55 అని తేలింది. పాత పేరుతోనే కొత్త ఫైలు పంపకండి. `IR-07_Report_Rev1.pdf` అని పెట్టి, మెయిల్‌లో ‘2వ పేజీలో లీకైన పరిమాణం 40 నుంచి 55 లీటర్లకు సరిచేశాం, మిగతాదంతా రెవ్ 0 ప్రకారమే’ అని రాయండి. అదే పాత మెయిల్‌కు రిప్లైగా పంపండి, కొత్త ఫైలు జతచేయడం మరిచిపోకుండా.