ఎర్రర్ బార్లు ఒకదాని ఎత్తులోకి ఒకటి చొచ్చుకొస్తే తేడా లేనట్టేనా?

నమస్కారం. తెరపై ఉన్న ఈ గ్రాఫ్ స్క్రీన్‌షాట్ అభ్యాసం కోసం నేనే తయారుచేసినది. అంకెలు నిజమైన ప్రయోగానివి కావు. వరి నారు సగటు ఎత్తు ఎరువు వేయనప్పుడు 20 సెంటీమీటర్లు, మొదటి ఎరువుతో 21.5, రెండవ ఎరువుతో 23. ప్రతి సగటుకూ పైన ఒకటి, కింద ఒకటి సెంటీమీటరు చొప్పున ఎర్రర్ బార్ ఉంది, అంటే సగటు చుట్టూ ఉన్న అనిశ్చితిని లేదా హెచ్చుతగ్గులను చూపే నిలువు గీత. ఒక్కో రకానికి 10 కుండీలు, కుండీకి ఒక్క మొక్క.

నిలువు అక్షం 18 దగ్గర మొదలైందని గమనించండి. అందువల్లనే చివరి దిమ్మె మొదటిదానికి రెండున్నర రెట్లున్నట్టు కనిపిస్తోంది. నిజమైన పెరుగుదల 15 శాతమే.

ఇప్పుడు మొదటి రెండు దిమ్మెలు చూద్దాం. ఒకదాని బార్ 19 నుంచి 21 వరకు, రెండవదాని బార్ 20.5 నుంచి 22.5 వరకు ఉన్నాయి కనుక, అర సెంటీమీటరు మేర రెండూ కలుస్తున్నాయి. చాలామంది ఇక్కడే తేడా లేదని తేల్చేస్తారు. కానీ ఆ బార్ దేనిని సూచిస్తుందో తెలియకుండా ఆ మాట అనలేము.

అది స్టాండర్డ్ ఎర్రర్, అంటే సగటు అంచనాలో ఉండే అనిశ్చితి అయితే, రెండు సగటుల తేడాలో ఉండే అనిశ్చితి 1² + 1² మొత్తానికి వర్గమూలం, అంటే సుమారు 1.41. మనకు కనిపించిన తేడా 1.5, దాదాపు అంతే. ఇన్ని మొక్కలతో 5 శాతం ప్రమాణాన్ని, అంటే అసలు తేడా లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం 5 శాతం లోపే ఉండాలన్న షరతును దాటాలంటే తేడా ఆ అనిశ్చితికి 2.1 రెట్లు ఉండాలి కనుక, ఈ దత్తాంశం తేడాను సమర్థించదు.

అదే బార్ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేస్తే వందకు 95 సార్లు అసలు సగటును పట్టుకునేలా లెక్కించే పరిధి అయితే, దాని వెనుకనున్న స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 0.44 మాత్రమే, తేడా అనిశ్చితికి 2.4 రెట్లవుతుంది. బార్లు కలిసినా తేడా నిలుస్తుంది. ఒకవేళ అది స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఒక్కో మొక్క ఎత్తులో ఉండే హెచ్చుతగ్గుల కొలత అయితే, 10 వర్గమూలంతో భాగించగా స్టాండర్డ్ ఎర్రర్ 0.32కు తగ్గి, ఆధారం మరింత బలపడుతుంది. బొమ్మ ఒక్కటే, తీర్పులు మాత్రం మారిపోయాయి.

మళ్లీ స్టాండర్డ్ ఎర్రర్ అనుకుని మూడవ దిమ్మెకు వద్దాం. ఎరువు లేనిదానితో పోలిస్తే తేడా 3, అంటే అనిశ్చితికి 2.12 రెట్లు, 2.1 హద్దు దాటింది, అదీ అంచున. మూడు జంటలను పోల్చినందుకు ప్రమాణాన్ని కఠినం చేస్తే అదీ నిలవదు. ఇక రెండవ ఎరువు పనిచేసింది, మొదటిది చేయలేదు కనుక రెండవదే మేలు అనడం నాకు తరచుగా కనిపించే పొరపాటు. ఆ రెండు ఎరువుల మధ్య తేడా మళ్లీ 1.5 మాత్రమే, దానిని ఇప్పుడే తోసిపుచ్చాం.

స్క్రీన్‌షాట్‌లో బొమ్మ కింది వివరణ తెగిపోతే అసలు వ్యాసం తెరిచి, బార్ అర్థంతోపాటు n, అంటే నమూనాల సంఖ్య, దేనిని లెక్కించిందో కూడా చూడండి. పది మొక్కలూ ఒకే కుండీలోవైతే అక్కడ n పది కాదు, ఒకటే. అప్పుడు ఎంత పొట్టి బార్ అయినా ఎరువు గురించి ఏమీ చెప్పదు.