హుకుం అందినప్పుడు
(పర్లాకిమిడిలో, సైన్యంలో చేరబోయే కుర్రాళ్లకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లూ, పొద్దున్నే నాలుగింటికి లేచి రన్నింగ్ చేసి, మళ్లీ ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ఇందాక లోపలికి వస్తుంటే ఒకమ్మ నన్ను ఆపి అడిగింది. "బాబూ, మా వాడికి పైసారు ఏదో చెయ్యమంటాడు, అది తప్పు అనుకో, వీడు చెయ్యనంటే ఉద్యోగం పోదా?" నా కాగితంలో రాసుకొచ్చినదంతా పక్కన పెట్టేశాను. ఈ ప్రశ్నకే జవాబు చెప్తాను.

ముందు చట్టం. 1950 ఆర్మీ చట్టంలో 41వ సెక్షన్ ఉంది. పైఅధికారి స్వయంగా ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరిస్తే 14 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ధిక్కారం లేకుండా ఊరికే చెయ్యకపోయినా, యుద్ధవిధుల్లో అయితే 14 ఏళ్లు, లేకపోతే 5 ఏళ్ల దాకా. అంతా భయపెట్టే సెక్షనే. కానీ మా ట్రైనింగ్‌లో ఉస్తాద్ ఆ సెక్షన్ చదివినప్పుడు ఒక మాట గబగబా మింగేసేవాడు. అక్కడున్నది ఉత్త 'ఆదేశం' కాదు, 'చట్టబద్ధమైన ఆదేశం'. మన చర్చంతా ఆ ముందున్న మాటలోనే ఉంది.

ఇంకోటి. పాత ఐపీసీ 76వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 14వది. దాని కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. పైఅధికారి ఆదేశం మీద ఒక సిపాయి గుంపు మీద కాల్పులు జరిపాడు, అతను నేరం చెయ్యలేదు అని. చాలామంది ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. మధ్యలో 'చట్టం ఆదేశాలకు లోబడి' అన్న ముక్క ఉంది. దాన్ని తీసేస్తే అర్థమే మారిపోతుంది.

సరే, చట్టబద్ధమా కాదా అని సిపాయి ఎలా తేల్చుకోవాలి? వాడు లాయరు కాదు కదా. దీనికి నాకు తెలిసిన అన్నింటికన్నా స్పష్టమైన కేసు ఇజ్రాయెల్‌ది. కాస్త వివరంగా చెప్తాను.

1956 అక్టోబర్ 29. ఈజిప్టుతో సినాయ్ యుద్ధం మొదలైన రోజు. సరిహద్దు దగ్గర కొన్ని అరబ్ పల్లెలున్నాయి. మామూలుగా అక్కడ రాత్రి పూట కర్ఫ్యూ. ఆ రోజు దాన్ని సాయంత్రం 5 నుంచే అన్నారు. కఫ్ర్ కాసిమ్ అనే ఊరి పెద్దకు ఆ మాట 4:30కి చెప్పారు. ఆయన అన్నాడు, మా వాళ్లు వందలమంది పొలాల్లో, పనుల్లో ఉన్నారు, వాళ్లకు కబురెలా అందుతుంది అని. అరగంటే టైముంది. వచ్చేవాళ్లను వదిలేస్తామని చెప్పారు.

కానీ పైన ఇంకో మాట నడిచింది. బ్రిగేడ్ కమాండర్‌ను బెటాలియన్ కమాండర్ మాలింకి అడిగాడు, ఇంటికి తిరిగొచ్చేవాళ్ల సంగతేంటని. వచ్చిన జవాబు అరబ్బీలో, చనిపోయినవాళ్ల గురించి అనే మాట, 'అల్లా వాళ్లను కరుణించు గాక' అని. మాలింకి దాన్ని కింద ప్లటూన్ కమాండర్లకు చేరవేశాడు. కర్ఫ్యూ తర్వాత బయట కనిపిస్తే కాల్చండి, ఆడవాళ్లని, పిల్లలని చూడొద్దు అని.

ఇక్కడ గమనించాలి. ఆ ఆదేశం అందుకున్నది ఒక్క ప్లటూన్ కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పంపిన ప్లటూన్లు. చాలాచోట్ల కమాండర్లు కాల్చలేదు. ఒకడు ఆలస్యం చేశాడు, ఒకడు వచ్చినవాళ్లను ఇళ్లల్లోకి పంపేశాడు. అక్కడ తిరుగుబాటు లేదు, నినాదం లేదు. కఫ్ర్ కాసిమ్‌లో మాత్రం లెఫ్టినెంట్ దహాన్ ప్లటూన్ సైకిళ్ల మీద, బండ్ల మీద, లారీల్లో వస్తున్న కూలీలను ఆపి, దింపి కాల్చింది. 49 మంది అని ఆ ఊరి లెక్క. అందులో ఆడవాళ్లూ పిల్లలూ చాలామంది. ఒకే ఆదేశం, ఒకే సాయంత్రం, రెండు రకాల సిపాయిలు.

కోర్టులో వాళ్లు ఒకే మాట పట్టుకున్నారు, ఆదేశం మేరకే చేశామని. జడ్జి బెంజమిన్ హలేవి తీర్పు చెప్తూ ఒక పోలిక వాడాడు, అది ఇప్పటికీ సైనిక న్యాయంలో చెప్పుకుంటారు. స్పష్టంగా చట్టవిరుద్ధమైన ఆదేశం మీద 'నిషిద్ధం' అని ఒక నల్లజెండా ఎగురుతుంటుంది అని. లాయర్లు పుస్తకాలు తిరగేస్తే గానీ కనపడని తప్పు గురించి కాదు ఆయన మాట్లాడింది. కంటికి గుచ్చుకుని, గుండెను కలచివేసే తప్పు గురించి. అలాంటిదాన్ని పాటించినవాడికి 'ఆదేశం' అన్న సాకు పనికిరాదన్నాడు.

మాలింకికి 17 ఏళ్లు, దహాన్‌కు 15 ఏళ్లు శిక్ష పడింది. తర్వాత శిక్షలు తగ్గించారు, కొన్నేళ్లకే అందరూ బయటికొచ్చేశారు. పైన ఆ అరబ్బీ మాట అన్న బ్రిగేడ్ కమాండర్‌కి పడింది చిల్లర పైసల జరిమానా. తీర్పు గొప్పదే, శిక్ష అంత గొప్పగా లేదు, ఈ ముక్క కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. 2011లో సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెందిన ఒక నకిలీ ఎన్‌కౌంటర్ కేసులో చాలా కఠినంగా మాట్లాడింది. నకిలీ ఎన్‌కౌంటర్ చెయ్యమని పైఅధికారి చెప్తే నిరాకరించడం పోలీసు బాధ్యత, లేకపోతే హత్య కేసు పెట్టాల్సిందే అంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత న్యూరంబర్గ్ విచారణలో 'ఆదేశాలు ఆదేశాలే' అన్న నాజీలకు ఉరి పడిందని గుర్తుచేసింది. అది పోలీసుల గురించి, పైగా బెయిలు రద్దు కేసు. అయినా 'నిరాకరించాలి' అన్నారు, 'నిరాకరించవచ్చు' అనలేదు.

కానీ తమ్ముళ్లూ, మధ్యలో ఒక పెద్ద మసక ప్రాంతం ఉంది. ఆదేశం తెలివితక్కువది, రూలుకు విరుద్ధమేమో అనిపిస్తుంది, కానీ జెండా ఎగరడం లేదు. అక్కడ చెయ్యనంటే 41వ సెక్షన్ మీ మెడకే చుట్టుకుంటుంది. నా మనస్సాక్షి ఒప్పుకోలేదన్నది కోర్ట్ మార్షల్‌లో జవాబు కాదు. అప్పుడు చెప్పిన పని చేసి, తర్వాత 26వ సెక్షన్ కింద ఫిర్యాదు పెట్టుకోవాలి. ఇది చేదుగా ఉంటుంది. 1930లో పెషావర్‌లో బ్రిటిష్ సైన్యంలోని గఢ్వాలీ సిపాయిలు నిరాయుధుల మీద కాల్చమంటే కాల్చలేదు. వాళ్లకు ముందు నిలిచిన చంద్రసింగ్ గఢ్వాలీకి యావజ్జీవం పడింది, 1941లో విడుదలయ్యారు. ఆయన చేసింది తప్పని నేను అనను, కానీ దానికి కట్టిన ధర ఎంతో మీరు తెలుసుకునే చెయ్యాలి.

మీలో ఎక్కువమందికి ఎదురయ్యేది కాల్చమనే హుకుం కాదు, సంతకం పెట్టమనే హుకుం. నేను నాయక్‌గా స్టోర్‌లో ఉన్నప్పుడు, డీజిల్ క్యాన్లు 32 వస్తే రిజిస్టర్‌లో 40 రాయమన్నారు. దొంగ లెక్క రాయడం ఆర్మీ చట్టంలో నేరం, 57వ సెక్షన్. నేను ఎదిరించలేదు. "సాబ్, నేను లెక్కపెట్టింది 32. నేను అది రాస్తాను, మిగతా 8 గురించి మీరు పక్కన రాసి సంతకం పెట్టండి" అన్నాను. ఆయన నా ముఖం చూశాడు, రిజిస్టర్ చూశాడు, వెళ్లిపోయాడు. ఆ నెల లోపే నన్ను వంటశాల పనికి వేశారు. ఎనిమిది నెలలు ఉల్లిపాయల బస్తాలు లెక్కపెట్టాను.

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ఇదీ. ఉద్యోగం పోకపోవచ్చు, పోవచ్చు. మీ వాడికి మాత్రం ఒకటి నేర్పి పంపండి. అనుమానం వస్తే ఆదేశాన్ని మళ్లీ గట్టిగా, నలుగురికీ వినపడేలా అడగమనండి. "సాబ్, మీరు చెప్పింది ఇదేనా?" అని. వీలైతే రాసివ్వమని అడగమనండి.