ముందే పెట్టిన టిప్ డ్రైవర్‌కు ఎలా చేరుతుంది, ఎప్పటిదాకా మార్చొచ్చు?

"అన్నా, ఊబర్ ఈట్స్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడే 6 డాలర్ల టిప్ పెట్టేశా. బిర్యానీ చల్లారిపోయి వచ్చింది. ఇప్పుడు తగ్గించొచ్చా? అసలు ఆ డబ్బు డ్రైవర్‌కే వెళ్తుందా?" న్యూజెర్సీ నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

తగ్గించొచ్చు తమ్ముడూ. డెలివరీ అయ్యాక గంట వరకు యాప్ ఒప్పుకుంటుంది. డబ్బు డ్రైవర్‌కే వెళ్తుంది, ఊబర్ అందులోంచి ఏమీ తీసుకోదు. కానీ ఆ గంటలో నువ్వు వేలు పెట్టే ముందు, ఆ 6 డాలర్లు అప్పటికే ఏం పని చేశాయో నీకు తెలియాలి. నేను కొన్నాళ్లు వారాంతాల్లో డెలివరీ చేశాను కాబట్టి అవతలి ఫోన్‌లో ఏం కనిపిస్తుందో చెప్తాను.

డ్రైవర్ కారు ఎక్కడో పార్కింగ్‌లో ఆగి ఉంటుంది. ఫోన్ మోగుతుంది, స్క్రీన్ మీద ఒక కార్డు వస్తుంది. అందులో ఒక మొత్తం, ఎన్ని మైళ్లు, ఎన్ని నిమిషాలు, ఏ రెస్టారెంట్ అని ఉంటుంది. నీ ఆర్డర్‌కు 8.75 డాలర్లు, 5 మైళ్లు, 24 నిమిషాలు అని వచ్చిందనుకుందాం. ఆ మొత్తం కింద చిన్న అక్షరాల్లో Includes expected tip అని ఉంటుంది. అంటే నువ్వు పెడతానన్న టిప్ అందులో కలిసే ఉంది. కంపెనీ ఇచ్చేది ఎంత, నువ్వు ఇచ్చేది ఎంత అని ఆ కార్డు విడదీసి చూపించదు. తీసుకోవాలా వద్దా అన్నది కొన్ని సెకన్లలో తేల్చుకోవాలి. లేదంటే కార్డు పోతుంది, ఆర్డర్ ఇంకొకరికి వెళ్తుంది.

ఇప్పుడు లెక్క చూడు. 8.75లో నీ 6 తీసేస్తే మిగిలేది 2.75. కారు అతనిది, గ్యాస్ అతనిది, తిరుగు ప్రయాణానికి డబ్బు రాదు. 2.75కే అయితే ఆ ఆర్డర్‌ను చాలామంది ముట్టుకోరు. అంటే ఇక్కడ టిప్ అన్నది తిన్నాక సంతోషంతో ఇచ్చే డబ్బు కాదు, నీ ఆర్డర్‌ను ఎవరో ఒకరు తీసుకోవడానికి నువ్వు చెప్పిన ధర. ఆ ధర చూసే అతను బయల్దేరాడు.

మన దగ్గర లెక్క పూర్తిగా వేరు, అందుకే హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు ఇది అర్థం కాదు. జొమాటో డెలివరీ పార్ట్‌నర్‌కు 2025లో టిప్ కాకుండా గంటకు సగటున 102 రూపాయలు వచ్చాయనీ, టిప్ మీద వచ్చింది గంటకు 2.60 రూపాయలేననీ జొమాటో వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ 2026 జనవరిలో చెప్పారు. అక్కడ టిప్ పైన పడే చిల్లర. అమెరికాలో నీ ఆర్డర్‌నే చూసుకుంటే, డ్రైవర్‌కు వచ్చేదాంట్లో అది మూడింట రెండు వంతులకు పైనే.

డెలివరీ అయిపోయాక ఆ ట్రిప్ డ్రైవర్ సంపాదన పేజీలో చేరుతుంది. అక్కడ కంపెనీ ఇచ్చే ఫేర్ వేరుగా, టిప్ వేరుగా కనిపిస్తాయి. కానీ గంట గడిచేదాకా ఆ టిప్ అంకె ఖరారైనట్టు కాదు. ఆలోపు నువ్వు ఆ ఆర్డర్ తెరిచి 6ను 2 చేయొచ్చు, సున్నా కూడా చేయొచ్చు. అలా చేస్తే అతని పేజీలోనూ అంకె మారుతుంది. గంట దాటాక నువ్వు తగ్గించలేవు. ఖరారైన డబ్బు అతని వారం లెక్కలో కలుస్తుంది. సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు వారం ముగిశాక బ్యాంకుకు వెళ్తుంది, తొందరుంటే అతనే ముందుగా తీసుకోవచ్చు.

నాకు ఒక రాత్రి జరిగింది చెప్తాను. వాన, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మంచి మొత్తం చూపించిందని తీసుకున్నాను. సామాను గుమ్మం ముందు పెట్టి, ఫోటో తీసి పంపాను. అరగంట తర్వాత సంపాదన పేజీ చూస్తే టిప్ సున్నా. ఆలస్యం కాలేదు, ఏదీ ఒలికిపోలేదు. పెద్ద టిప్ చూపించి ఆర్డర్ తొందరగా తెప్పించుకుని, తర్వాత తీసేయడం కొందరికి అలవాటు. డ్రైవర్లు దీన్ని టిప్ బెయిటింగ్ అంటారు. ఎర వేయడం అన్నమాట. నాకు బాధ వేసింది డబ్బు గురించి మాత్రమే కాదు, మాట తప్పినందుకు.

ఈ గంట గడువు అన్ని యాప్‌లలో ఒకేలా ఉండదు. డోర్‌డాష్‌లో ముందు పెట్టిన టిప్‌ను తర్వాత నువ్వు యాప్‌లో తగ్గించలేవు, పెంచడం మాత్రం కుదురుతుంది. కిరాణా సరుకులు తెచ్చిపెట్టే ఇన్‌స్టాకార్ట్‌లో ఒకప్పుడు మూడు రోజులు గడువు ఉండేది. కస్టమర్ల కోసం సరుకులు కొని తెచ్చేవాళ్లు గొడవ చేస్తే 2020లో దాన్ని 24 గంటలకు తగ్గించారు. అక్కడ ఇంకో సంగతి ఉంది. శాతంలో టిప్ పెడితే, స్టాక్ లేని సరుకులు తీసేసినప్పుడు నువ్వు ఏమీ చేయకుండానే టిప్ కూడా తగ్గిపోతుంది. వెతికి వెతికి దొరకక తిరిగినవాడికి తక్కువ వస్తుంది. అందుకే నేను అక్కడ శాతం వదిలేసి డాలర్లలోనే పెడతాను. న్యూయార్క్ సిటీలో 2023 డిసెంబర్‌లో డెలివరీ వాళ్లకు కనీస వేతనం వచ్చాక, పెద్ద యాప్‌లు కొన్నాళ్లపాటు టిప్ అడిగే చోటునే డబ్బు కట్టిన తర్వాతికి జరిపాయి.

"డ్రైవర్‌కే వెళ్తుందా" అన్న నీ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2017 నుంచి 2019 దాకా డోర్‌డాష్ ఒక ట్రిప్‌కు ఇంత గ్యారంటీ అని చెప్పేది. గ్యారంటీ 6.85 అనుకో. కస్టమర్ 3 డాలర్ల టిప్ పెడితే కంపెనీ 3.85 కలిపేది. టిప్ పెట్టకపోతే 6.85 మొత్తం కంపెనీయే ఇచ్చేది. ఎటు తిప్పినా డ్రైవర్ చేతికి అదే 6.85. టిప్ డ్రైవర్‌కే చేరిందని కాగితం మీద చూపించొచ్చు, కానీ ఆ 3 డాలర్లు మిగిలింది కంపెనీకి. 2019లో ఆ పద్ధతి మార్చారు. ఆ లెక్క మీద న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్‌తో కేసు 2025 ఫిబ్రవరిలో 1 కోటి 67 లక్షల 50 వేల డాలర్లకు రాజీ అయింది. కాబట్టి "టిప్ మొత్తం డ్రైవర్‌కే" అన్న మాట చదివినప్పుడు, టిప్ లేకపోయినా కంపెనీ తన వాటా అంతే ఇస్తుందా అని చూడాలి.

ఇక నీ చల్లారిన బిర్యానీకి వద్దాం. ఆర్డర్ వస్తున్నప్పుడు మ్యాప్ చూశావా? కారు బొమ్మ రెస్టారెంట్ దగ్గరే ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే వంట ఆలస్యమైంది, అతను నిలబడి ఎదురుచూశాడు. మధ్యలో వేరే ఇంటికి వెళ్లి వస్తే చాలాసార్లు యాప్ రెండు ఆర్డర్లు కలిపి ఇచ్చి ఉంటుంది. ఐటమ్ తక్కువైతే సీల్ వేసిన కవర్ అతను విప్పి చూడలేడు. ఈ మూడింటికీ ఆర్డర్ హెల్ప్‌లోకి వెళ్లి రిఫండ్ అడుగు, టిప్ ముట్టుకోకు. దారిలో ఎక్కడో కారణం లేకుండా ఆగాడు, లేదా తప్పు గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయాడు అంటే అది అతని పని. అప్పుడు తగ్గించుకోవడం నీ హక్కు, గంటలోపు.

ముందు పెద్ద టిప్ పెట్టాలంటే భయంగా ఉంటే సగం ముందు పెట్టు, మిగతాది తలుపు దగ్గర నగదుగా ఇవ్వు. అసలు టిప్ పెట్టడం మర్చిపోయిన ఆర్డర్ ఏదైనా ఉంటే, ఊబర్ ఈట్స్‌లో 30 రోజుల దాకా పాత ఆర్డర్ల జాబితాలోంచి దాన్ని తెరిచి ఇప్పటికీ పెట్టొచ్చు.