ఇండెక్స్ ఫండ్‌కి ఇన్ఫర్మేషన్ రేషియో చూసి మోసపోకండి

నమస్తే అండీ. ఇవాళ నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ల లెక్క చూద్దాం. ఊహకి రెండు ఫండ్లు తీసుకుంటున్నాను. పేర్లు వద్దు, ఏ, బీ అనుకుందాం.

ఏడాదిలో ఏ ఫండ్ ఇండెక్స్ కంటే 0.20 శాతం తక్కువ ఇచ్చింది. దాని ట్రాకింగ్ ఎర్రర్ 0.02 శాతం. బీ 0.60 శాతం తక్కువ ఇచ్చింది, ట్రాకింగ్ ఎర్రర్ 0.30. ఇన్ఫర్మేషన్ రేషియో అంటే ఆ తేడాని ట్రాకింగ్ ఎర్రర్‌తో భాగించడమే. ఏ ఫండ్‌కి మైనస్ 10 వస్తుంది, బీ ఫండ్‌కి మైనస్ 2. రేషియో ఎక్కువున్నదే మంచిదనుకుంటే బీ గెలిచినట్టే! కానీ పది లక్షలు పెట్టినవాళ్లకి ఏ ఫండ్‌లో వెనకబడింది సుమారు రెండు వేలు, బీలో ఆరు వేలు.

ఎందుకిలా అవుతుందంటే, ట్రాకింగ్ ఎర్రర్ ఎంత వెనకబడ్డామో చెప్పదు. రోజువారీ తేడా ఎంత ఊగుతోందో చెబుతుంది. ఆ తేడాల స్టాండర్డ్ డీవియేషన్ తీసి, ఏడాది లెక్కలోకి మారుస్తారు. ఫండ్ ఖర్చుని ఎన్ఏవీలోంచి రోజూ సమానంగా కోస్తారు కాబట్టి ఊగేదేమీ ఉండదు. అందుకే ఖర్చు ఎంతున్నా ట్రాకింగ్ ఎర్రర్‌లో దాదాపు కనిపించదు. మైనస్‌లో ఉన్న తేడాని అంత చిన్న సంఖ్యతో భాగిస్తే, శుభ్రంగా నడిచే ఫండే ఘోరంగా కనబడుతుంది.

మరి ఊగేది దేనివల్ల? ఎక్కువగా చేతిలో మిగిలిన క్యాష్ వల్ల. ఫండ్‌లో 1 శాతం క్యాష్ ఉండిపోయిన రోజు నిఫ్టీ 2 శాతం పెరిగితే, ఫండ్ 0.02 శాతం వెనకబడుతుంది. అదే 2 శాతం పడితే అంతే ముందుంటుంది. మార్కెట్ పడిన ఏడాదిలో ఇలా కాస్త ముందున్నా, అది మేనేజర్ ప్రతిభ కాదండీ.

సెబీ 2022లో ఈక్విటీ ఇండెక్స్ ఫండ్లకి ఏడాది ట్రాకింగ్ ఎర్రర్ 2 శాతం దాటకూడదని పెట్టింది. నిఫ్టీ 50 లాంటి ఇండెక్స్‌కి అది చాలా వదులైన హద్దు. 0.30 ఉన్నా నేనైతే కారణం వెతుకుతాను.

నేను ముందు చూసేది ట్రాకింగ్ డిఫరెన్స్, అంటే ఇండెక్స్‌కీ ఫండ్‌కీ రాబడిలో అసలు తేడా. యాంఫీ సైట్‌లో దొరుకుతుంది. డైరెక్ట్ ప్లాన్‌ని డైరెక్ట్ ప్లాన్‌తోనే పోల్చండి. ఏడాది అంకె ఒక్కటే కాదు, మూడేళ్లదీ చూడండి. అందులో దగ్గరగా ఉన్న ఫండ్ల మధ్య ఎంచుకోవడానికి ట్రాకింగ్ ఎర్రర్ పనికొస్తుంది.

ఎక్కడైనా ఇండెక్స్ ఫండ్ ఏటా ఒక శాతం దాకా ఇండెక్స్‌ని దాటినట్టు కనిపిస్తే, పోల్చింది డివిడెండ్లు కూడా కలిపి లెక్కేసే టీఆర్ఐతోనా, మామూలు నిఫ్టీతోనా చూడండి. మామూలు నిఫ్టీలో కంపెనీలిచ్చే డివిడెండ్లు కలవవు, ఫండ్‌కి మాత్రం అవి వస్తాయి.